క్రిప్టో యాప్‌కి పాన్, ఆధార్, సెల్ఫీ.. ఎందుకడుగుతున్నారు? ఇచ్చాక ఆ డేటా ఎక్కడెక్కడికి పోతుందంటే..

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద నుంచి గడ్డిఅన్నారం, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడుచుకుంటూ వెళ్తే.. అడుగడుగునా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పుడు క్రిప్టో యాప్ కనిపించడం పెద్ద వింతేం కాదు. వంద రూపాయలతో కూడా కొనొచ్చు కదా అని యాప్ ఓపెన్ చేస్తారు. అక్కడి నుంచి వరుసగా ప్రశ్నలు. పాన్ నంబర్ ఇవ్వండి, ఆధార్ ఇవ్వండి, కెమెరా చూస్తూ కళ్లు ఆర్పండి, లొకేషన్ ఆన్ చేయండి. "వంద రూపాయల కాయిన్‌కి ఇంత తతంగమా?" అన్న డౌట్ రావడం సహజమే.

ఈ డౌట్‌కి ఇంకో కోణం కూడా ఉంది. 2025 డిసెంబర్ చివర్లో అమెరికా క్రిప్టో ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ సీఈవో బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సోషల్ మీడియాలో హైదరాబాద్ పోలీసులకు థ్యాంక్స్ చెప్పారు. తమ దగ్గర గతంలో కస్టమర్ సర్వీస్ ఏజెంట్‌గా పనిచేసిన ఒకరు అరెస్టయ్యారని వెల్లడించారు. కస్టమర్ల కేవైసీ డేటా బయటికి పోయిన కేసు అది. అంటే గుర్తింపు అడిగేది మోసాన్ని ఆపడానికే, కానీ అలా పోగైన డేటానే మరో మోసానికి ముడిసరుకు అయింది. ఈ రెండూ ఎలా జరుగుతాయో అర్థం కావాలంటే అసలు కేవైసీ వెనక ఏం నడుస్తుందో చూడాలి.

ఎక్స్ఛేంజ్ ఇష్టం కాదు.. చట్టం అడుగుతోంది

2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. క్రిప్టో కొనడం, అమ్మడం, మార్చడం, దాచిపెట్టడం లాంటి సేవలిచ్చే కంపెనీలన్నీ మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందకు వచ్చాయి. బ్యాంకులు ఎలాగైతే కస్టమర్ ఎవరో తెలుసుకుని, రికార్డులు పెట్టి, అనుమానం వస్తే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి చెప్పాలో.. క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లూ అలాగే చెప్పాలి. ఈ యూనిట్‌నే అందరూ ఎఫ్ఐయూ అంటారు.

కంపెనీ ఆఫీసు విదేశాల్లో ఉందన్నా తప్పించుకోలేరు. ఇండియాలో కస్టమర్లుంటే ఇక్కడ రిజిస్టర్ కావాల్సిందే. 2023 డిసెంబర్ 28న బైనాన్స్, కూకాయిన్, క్రాకెన్ సహా తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు ఎఫ్ఐయూ షోకాజ్ నోటీసులిచ్చింది. కొద్ది రోజులకే వాటి వెబ్‌సైట్లు, యాప్‌లు ఇక్కడ ఆగిపోయాయి. 2024 జూన్‌లో బైనాన్స్‌కి 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది. 2025 జనవరిలో బైబిట్‌కి 9.27 కోట్లు పడింది.

పన్ను వైపు నుంచి కూడా లెక్కుంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి అమ్మకం మొత్తం మీద ఒక శాతం టీడీఎస్ అమల్లోకి వచ్చాయి. టీడీఎస్ కట్ చేసి ఎవరి పేరున జమ చేయాలో తెలియాలంటే పాన్ ఉండాలి. అందుకే పాన్ లేకుండా ఏ రిజిస్టర్డ్ ఎక్స్ఛేంజ్‌లోనూ బండి కదలదు.

హైదరాబాద్‌కి ఈ లెక్క ఎందుకు పట్టింది?

2023 జులైలో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక పెద్ద గుట్టు విప్పారు. చిక్కడపల్లికి చెందిన ఒకరు 28 లక్షలు పోగొట్టుకున్నానని ఫిర్యాదు చేశారు. ఆన్‌లైన్‌లో రేటింగ్‌లు, రివ్యూలు ఇస్తే డబ్బులొస్తాయని టెలిగ్రామ్‌లో నమ్మించి ముంచారు. పోలీసులు ఆ 28 లక్షలు ఎటు పోయాయో బ్యాంక్ అకౌంట్ల వెంట పడితే తీగ లాగితే డొంకంతా కదిలింది. దేశవ్యాప్తంగా 15 వేల మంది, మొత్తం 712 కోట్ల రూపాయలు. ఆ సొమ్ములో కొంత క్రిప్టోగా మారి దేశం దాటింది.

ఇలాంటి కేసుల్లో డబ్బు ప్రయాణం దాదాపు ఒకేలా ఉంటుంది. బాధితుడి ఖాతా నుంచి ముందు ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలోకి వెళ్తుంది. పోలీసులు వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలు మారి, చివరికి డాలర్ విలువతో నడిచే యూఎస్‌డీటీ కాయిన్లు అవుతుంది. కాయిన్లు బయటి వాలెట్‌లోకి వెళ్లాక బ్యాంక్ ఖాతాను ఫ్రీజ్ చేసినట్టు ఆపడం చాలా కష్టం. రూపాయి కాయిన్‌గా మారే ఆ ఒక్క గేటు దగ్గరే మనిషి పేరు, ముఖం పట్టుకోవాలి. ఆ గేటే ఎక్స్ఛేంజ్. కేవైసీ అక్కడే ఉండటానికి కారణం ఇదీ.

ఒక్కో స్టెప్.. ఒక్కో మోసానికి తాళం

పాన్, ఆధార్ ఫోటో తీసుకుంటే సరిపోదా, సెల్ఫీ ఎందుకు, లొకేషన్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. పాన్ కార్డ్ కాపీ దొరకబుచ్చుకోవడం ఎంత తేలికో ఈ ఏరియాలో చెప్పక్కర్లేదు. హాస్టల్ అడ్మిషన్‌కి ఒక జిరాక్స్, సిమ్ కార్డ్‌కి ఒకటి, కోచింగ్‌కి ఒకటి. కాపీ చేతిలో ఉన్నంత మాత్రాన మనిషి అతనే అని చెప్పలేరు. అందుకే లైవ్ సెల్ఫీ. కళ్లు ఆర్పమనేది, తల పక్కకి తిప్పమనేది ఎవరిదో ఫోటో చూపించి ఏమార్చకుండా. ఆ ముఖాన్ని కార్డు మీది ఫోటోతో సిస్టమ్ పోల్చి చూస్తుంది.

ముఖం సరిపోయినా బ్యాంక్ ఖాతా వేరేవాళ్లది కావచ్చు. దానికి పెన్నీ డ్రాప్ అనే పద్ధతి ఉంది. ఎక్స్ఛేంజ్ ఆ ఖాతాలోకి ఒక్క రూపాయి పంపుతుంది. రూపాయితో పాటు బ్యాంక్ రికార్డుల్లో ఖాతాదారు పేరు ఏముందో తిరిగొస్తుంది. దాన్ని పాన్ మీది పేరుతో పోలుస్తారు. ఖాతా నడుస్తోందా, ఆ మనిషిదేనా.. రెండూ ఒక్క రూపాయితో తేలిపోతాయి.

2026 జనవరిలో ఎఫ్ఐయూ ఈ రూల్స్‌ను ఇంకా బిగించింది. లైవ్ సెల్ఫీ, పెన్నీ డ్రాప్, పాన్‌తో పాటు మరో గుర్తింపు పత్రం, మొబైల్, ఈమెయిల్ రెండింటికీ ఓటీపీ తప్పనిసరి. రిజిస్టర్ అవుతున్న సమయానికి మనిషి ఏ చోట ఉన్నాడో, ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చాడో కూడా నమోదు చేయాలి. రిస్క్ ఎక్కువ అనుకున్న కస్టమర్ల కేవైసీని ఆరు నెలలకోసారి, మిగతావాళ్లది ఏడాదికోసారి అప్‌డేట్ చేయాలి. ఎప్పుడో కేవైసీ అయిపోయినవాళ్లకి కూడా మళ్లీ అడుగుతున్నది అందుకే.

తెలుగువాళ్లకి ఇందులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు. ఆధార్‌లో "కె. వెంకటేశ్" అని ఒక్క అక్షరంతో ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, అది కూడా చివర్లో ఉంటుంది. బ్యాంక్‌లో ఎప్పుడో పదో తరగతి మెమో చూసి రాసిన స్పెల్లింగ్ వేరే. మూడూ ఒకే మనిషివే అయినా సిస్టమ్‌కి మూడు పేర్లు. కొంత తేడాని వదిలేసినా, ఎక్కువుంటే రిజెక్ట్ చేసేస్తుంది. యాప్ మీద కోపం తెచ్చుకుని పదిసార్లు ట్రై చేస్తే లాభం లేదు. పాన్‌లో ఉన్నట్టే ఆధార్‌లోనూ, బ్యాంక్‌లోనూ పేరు సరిచేయించుకోవడమే దారి. "మేం పాస్ చేయిస్తాం, ఐదొందలు ఇవ్వండి" అనే ఏజెంట్ చేతిలో ఫోన్, ఓటీపీ పెట్టడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

అన్నీ కరెక్ట్‌గా ఉన్నా ఎక్కడ ఫెయిలవుతుంది?

కేవైసీకి ఒక పెద్ద పరిమితి ఉంది. అది మనిషి ఎవరో చెబుతుంది. ఆ మనిషి వెనక ఎవరున్నారో చెప్పదు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండే ఒక డిగ్రీ కుర్రాడు. పరిచయస్తుడొకడు వచ్చి, "నీ పేరు మీద యాప్ ఓపెన్ చెయ్, నీ ఖాతాలోకి డబ్బులొస్తయి, కాయిన్లు కొని నేను చెప్పిన అడ్రస్‌కి పంపు, లక్షకి రెండు వేలు నీకు" అంటాడు. కుర్రాడి పాన్ అసలుదే, ముఖం అతనిదే, బ్యాంక్ ఖాతా అతనిదే. కేవైసీలో ఎక్కడా అడ్డు పడదు. ఆదాయం లక్ష రూపాయల లోపు అని నింపాడు.

మర్నాడు అతని బ్యాంక్ ఖాతాలోకి పదకొండు మంది నుంచి 4,80,000 రూపాయలు పడ్డాయి. అది మొత్తం ఎక్స్ఛేంజ్‌కి పంపి యూఎస్‌డీటీ కొన్నాడు. కొన్న ఏడు నిమిషాలకే బయటి వాలెట్‌కి విత్‌డ్రా కొట్టాడు. అసలు పట్టుబడేది ఇక్కడే. లక్ష లోపు ఆదాయం చెప్పినవాడు ఒక్కరోజులో దాదాపు ఐదు లక్షలు తెచ్చాడు. పెట్టుబడి పెట్టేవాళ్లు కొన్ని రోజులైనా ఉంచుకుంటారు, ఇతను ఏడు నిమిషాలు కూడా ఆగలేదు. అదే ఫోన్ నుంచి ఇంకో ముగ్గురి అకౌంట్లు కూడా నడిచాయనుకుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. ఈ గుర్తులన్నీ కలిపి చూసిన ఎక్స్ఛేంజ్ విత్‌డ్రా ఆపి, డబ్బు ఎక్కడిదో చెప్పమంటుంది. ఎఫ్ఐయూకి అనుమానాస్పద లావాదేవీ రిపోర్ట్ వెళ్తుంది. ఆ రిపోర్ట్ వెళ్లిందన్న సంగతి కస్టమర్‌కి చెప్పకూడదు. "రివ్యూలో ఉంది" అన్న పొడి మెసేజ్ తప్ప కస్టమర్ కేర్ ఏం చెప్పకపోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

ఈలోగా ఆ పదకొండు మందిలో ఒకరు 1930కి ఫోన్ చేస్తారు. కుర్రాడి బ్యాంక్ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. పోలీసులు ఎక్స్ఛేంజ్‌కి నోటీసిచ్చి సెల్ఫీ, ఫోన్ నంబర్, ఐపీ అడ్రస్, లొకేషన్ తీసుకుంటారు. నేరుగా హాస్టల్ గదికే వస్తారు. కమీషన్ ఇస్తానన్నవాడి పేరు మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. కేవైసీ చెప్పేది ఖాతా ఎవరిదో మాత్రమే. అందుకే అకౌంట్ అద్దెకిచ్చినవాడే ముందు దొరుకుతాడు.

ఇచ్చిన డేటా ఎక్కడెక్కడికి?

ఇప్పుడు రెండో ప్రశ్న. పాన్, ఆధార్, ముఖం, లొకేషన్ ఇచ్చేశాక అవన్నీ ఏమవుతాయి?

మొదటిది ఎక్స్ఛేంజ్ సొంత రికార్డు. కస్టమర్ ఖాతా మూసేసినా గుర్తింపు రికార్డులు అయిదేళ్లు ఉంచాలని మనీలాండరింగ్ చట్టం చెబుతోంది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కూడా క్రిప్టో కంపెనీలకు అయిదేళ్ల లెక్కే పెట్టాయి. అంటే 2026లో యాప్ డిలీట్ చేసి ఖాతా క్లోజ్ చేసినవాళ్ల సెల్ఫీ 2031 దాకా సర్వర్‌లో ఉంటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే డేటా పోతుందనుకోవడం భ్రమ.

రెండోది, ముఖం పోల్చడం, పేరు సరిచూడటం లాంటి పనులు చాలా ఎక్స్ఛేంజ్‌లు సొంతంగా చేయవు. బయటి కంపెనీలకు అప్పగిస్తాయి. మూడోది, కాయిన్లు ఇంకో ఎక్స్ఛేంజ్‌కి పంపినప్పుడు పంపినవారి, అందుకున్నవారి వివరాలు కూడా వెంట వెళ్లాలి. దీన్ని ట్రావెల్ రూల్ అంటారు. నాలుగోది, ఎఫ్ఐయూ, ఆదాయపు పన్ను శాఖ, నోటీసిస్తే పోలీసులు. ఇవన్నీ కాగితం మీద కనిపించే దారులు.

కాగితం మీద కనిపించని దారి ఇంకోటుంది. అది కస్టమర్ కేర్ డెస్క్. కాయిన్‌బేస్‌లో లీకైంది అక్కడే.

హ్యాకింగ్ కాదు.. లంచం

2025 మే నెలలో కాయిన్‌బేస్ చెప్పిన వివరాల ప్రకారం ఎవరూ సర్వర్లు బద్దలు కొట్టలేదు. అమెరికా బయట పనిచేసే కస్టమర్ సపోర్ట్ ఏజెంట్లలో కొందరికి నేరగాళ్లు డబ్బిచ్చారు. ఏజెంట్లకు తమ ఉద్యోగం కోసం కస్టమర్ల వివరాలు తెరిచే అనుమతి ఎలాగూ ఉంటుంది. ఆ స్క్రీన్ మీద కనిపించిందే బయటికిచ్చారు. 69,461 మంది వివరాలు పోయాయి. ఆ డేటా పట్టుకుని నేరగాళ్లు 2 కోట్ల డాలర్లు ఇవ్వమని కంపెనీని బెదిరించారు. కంపెనీ ఇవ్వలేదు. దొంగల్ని పట్టిచ్చినవారికి అంతే మొత్తం బహుమతిగా ప్రకటించింది. ఖర్చు 18 కోట్ల నుంచి 40 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేసింది.

పోయినవి ఏంటో, పోనివి ఏంటో చూస్తే విషయం అర్థమవుతుంది. పాస్‌వర్డ్‌లు పోలేదు, వాలెట్ కీలు పోలేదు, ఆ దారిలో నేరుగా ఒక్క కాయిన్ కూడా పోలేదు. పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, గుర్తింపు కార్డుల ఫోటోలు, ఖాతాలో ఎంతుంది, ఏమేం కొన్నారు అన్న వివరాలు పోయాయి. అంటే సరిగ్గా కేవైసీ సరుకే.

దాంతో ఏం చేస్తారు? ఫోన్ చేస్తారు. "సార్, ఎక్స్ఛేంజ్ నుంచి మాట్లాడుతున్నాం. మీ పేరు ఇది, పోయిన మంగళవారం ఇంత కొన్నారు, మీ ఖాతాలో ఇంతుంది. ఎవరో లాగిన్ అవుతున్నారు, వెంటనే ఈ సేఫ్ వాలెట్‌లోకి మార్చుకోండి" అంటారు. బ్యాలెన్స్ పైసాతో సహా చెబుతుంటే ఎవరైనా నమ్ముతారు. గుర్తు పెట్టుకోవాల్సిన తేడా ఒక్కటే. నిజమైన ఎక్స్ఛేంజ్ ఏదీ ఫోన్ చేసి కాయిన్లు వేరే వాలెట్‌కి మార్చమనదు, ఓటీపీ అడగదు. అవతలివాళ్లకి ఎన్ని వివరాలు తెలుసన్నది కొలమానం కాదు. ఏం చేయమంటున్నారన్నదే కొలమానం.

మన చట్టం ఏం కాపాడుతుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. డేటా భద్రత చూసుకోకపోతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. లీకైతే బాధితులకు చెప్పాలి. కానీ కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలన్న రూల్ మాత్రం ఇప్పటికే ఉంది. అది ప్రభుత్వానికి చెప్పడం, కస్టమర్‌కి చెప్పడం కాదు.

నా డేటా చెరిపేయండి అని అడిగే హక్కుకీ హద్దుంది. ప్రచార మెసేజ్‌ల కోసం వాడే వివరాలు తీసేయమనొచ్చు. చట్టం అయిదేళ్లు ఉంచమన్న కేవైసీ రికార్డు మాత్రం తీసేయరు.

ఇంకో విషయం. ఎఫ్ఐయూ రిజిస్ట్రేషన్ ఉందంటే కస్టమర్ ఎవరో కంపెనీకి తెలుసని అర్థం. కస్టమర్ డబ్బు భద్రమని కాదు. రిజిస్టర్ అయిన వజీరెక్స్ నుంచే 2024 జులై 18న దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను హ్యాకర్లు కొట్టేశారు. కేవైసీ సక్రమంగా చేసుకున్న లక్షల మంది నెలల తరబడి తమ సొమ్ము కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

కేవైసీ తప్పించుకునే దారి లేదు. తప్పించుకునే యాప్ ఉందంటే అది ఇక్కడ రిజిస్టర్ కానిదని అర్థం, రేపు డబ్బు ఇరుక్కుంటే అడిగే దిక్కుండదు. కాబట్టి ఎంత ఇస్తున్నాం, ఎలా ఇస్తున్నాం అన్నదే చేతిలో ఉన్న విషయం.

యాప్‌లో ఆధార్ ఫోటో అప్‌లోడ్, డిజీలాకర్ రెండూ ఉంటే డిజీలాకరే మేలు. ఫోటో అయితే పన్నెండు అంకెలూ కనిపిస్తాయి. డిజీలాకర్ ద్వారా వెళ్లే ఈ-ఆధార్‌లో నంబర్ చివరి నాలుగు అంకెలే ఉంటాయి, పైగా సంతకం డిజిటల్‌గా సరిచూసుకోవచ్చు. కాపీ ఇవ్వక తప్పకపోతే ఆధార్ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. జిరాక్స్ షాప్ వాట్సాప్‌కి పంపి ప్రింట్ తీయించుకుంటే మాత్రం ఆ ఫైల్ అక్కడే ఉండిపోతుంది. ఎదురుగా నిలబడి డిలీట్ చేయించాలి.

వాడని ఖాతాలు ఉంటే యాప్ తీసేయడం కాదు, ఖాతానే మూసేయమని రాతపూర్వకంగా అడగాలి. అయిదేళ్ల గడియారం అప్పుడే మొదలవుతుంది. తెలియకుండా తన పేరు మీద ఖాతా నడుస్తోందన్న అనుమానం వచ్చినా, ఖాతాలోకి సంబంధం లేని డబ్బు వచ్చినా ఆ డబ్బు ముట్టుకోకుండా బ్యాంకుకీ, 1930కీ చెప్పాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు కాయిన్‌గా మారకముందు ఫోన్ వెళ్తే ఆపే అవకాశం ఉంటుంది. మారి బయటి వాలెట్‌కి వెళ్లాక పోలీసుల చేతిలో మిగిలేది కేవైసీలో ఉన్న ముఖం ఒక్కటే.